పసిపాప కన్ను నీరు కారుతుంటే: ఇంట్లో ఏం చేయాలి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

పుట్టిన రెండు మూడు వారాల దాకా కళ్ళు శుభ్రంగా ఉంటాయి. ఒకరోజు పొద్దున లేచేసరికి ఒక కన్ను రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి. తడిగుడ్డతో తుడిస్తే పసుపుపచ్చ పుసి వస్తుంది, కన్ను తెరుచుకుంటుంది, కాసేపటికి మళ్ళీ చెమ్మ చేరుతుంది. ఏడవకపోయినా బుగ్గ మీద తడి చార ఉంటుంది. ఇంట్లో బాలింతకి సలహాలు మొదలవుతాయి. "కంట్లో రెండు చుక్కలు చనుబాలు పిండవే, అదే పోతుంది" అంటుంది అమ్మమ్మ. పక్కింటావిడ ఆముదం అంటుంది. మందుల షాపు కుర్రాడు ఏదో చుక్కల సీసా చేతిలో పెడతాడు.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఉన్నది ఒకే ఒక చిన్న అడ్డు. అదెక్కడుందో తెలిస్తే ఇంట్లో చేయాల్సిన పని సులువుగా అర్థమవుతుంది. అది కాని మరో జబ్బు ఉంటే పట్టుకోవడమూ వీలవుతుంది.

అడ్డు ఎక్కడుంది

కన్నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, ఊరినది ఎప్పటికప్పుడు ముక్కులోకి దిగిపోవాలి. అద్దం ముందు నిలబడి మీ కింది రెప్పను కొంచెం కిందికి లాగి చూసుకోండి. ముక్కు వైపు చివర, రెప్ప అంచు మీద, సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. పై రెప్పకీ అలాంటిదే ఒకటి ఉంటుంది. నీరు ఆ రంధ్రాల గుండా కంటి మూలనున్న చిన్న కన్నీటి సంచిలోకి వెళ్తుంది. సంచి నుంచి ఒక నాళం ఎముక మధ్యగా కిందికి దిగి ముక్కులో తెరుచుకుంటుంది. మనం ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే.

కడుపులో ఉన్నప్పుడు ఆ నాళం కింది చివర ఒక పల్చటి పొర మూసి ఉంటుంది. పుట్టే సమయానికో, పుట్టిన కొద్ది రోజులకో అది విడిపోవాలి. కొందరిలో విడిపోదు. నవజాత శిశువుల కంట్లో కన్నీరు బాగా ఊరడం మొదలయ్యేది కొన్ని వారాల తర్వాతే కాబట్టి, అడ్డు పుట్టుకతోనే ఉన్నా ఇబ్బంది మూడో వారానికి గానీ బయటపడదు. సంచిలో నీరు నిలిచి చిక్కబడి పుసిగా మారుతుంది, రాత్రంతా రెప్పలు మూసి ఉండడంతో పొద్దున్నే ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటి పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిది మందికి ఏడాది నిండేలోపు ఆ పొర దానంతట అదే విడిపోతుంది.

మొదట చూడాల్సింది

ఇంట్లో మర్దనా మొదలుపెట్టే ముందు కన్నును వెలుతురులో నిదానంగా చూడండి. మామూలు అడ్డయితే తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర తళతళలాడుతూ ఉంటుంది. పాప కళ్ళు బాగా తెరిచి వెలుతురు వైపు చూస్తుంది. ఇలా లేకపోతే ఇది మర్దనాతో పోయే జబ్బు కాదు.

మొదటి 28 రోజుల్లో రెప్పలు ఉబ్బి, కన్ను ఎర్రబడి, తుడిచిన నిమిషాల్లోనే మళ్ళీ చీము నిండుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అది కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు అంటిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వాటిలో ఒక రకం రోజుల వ్యవధిలోనే నల్లగుడ్డును దెబ్బతీస్తుంది. పుట్టినప్పుడే కంటి మూల కింద నీలంగా ఉబ్బిన బుడిపె కనిపించినా వెంటనే చూపించాలి. అది సంచి రెండు వైపులా మూసుకుపోయి నీటితో నిండిన ఉబ్బు కావచ్చు. ముక్కులోకి కూడా పెరిగితే పాలు తాగేటప్పుడు పాపకు ఊపిరి అందదు, ఎందుకంటే పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు.

అన్నిటికన్నా సులభంగా కళ్ళు కప్పేది పుట్టుకతో వచ్చే గ్లాకోమా. మనవాళ్ళు నీటికాసులు అంటారు. కంటిలోపలి ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే ఈ జబ్బులో కూడా కన్ను నీరు కారుతుంది. కాకపోతే అందులో పుసి అంతగా ఉండదు. బిడ్డ వెలుతురు భరించలేదు, వాకిట్లోకి తీసుకెళ్తే రెప్పలు బిగించి ముఖం తల్లి భుజంలో దాచుకుంటుంది. నల్లగుడ్డు రానురాను పెద్దదవుతుంది, తర్వాత పొగ పట్టినట్టు మసకబారుతుంది. అక్కడే ఇంటిల్లిపాదీ పొరబడతారు. "కళ్ళు ఎంత పెద్దవో, కలువరేకుల్లా ఉన్నాయి" అని మురిసిపోతూ నెలలు గడిపేస్తారు. పాశ్చాత్య దేశాల్లో దాదాపు 10,000 మంది పిల్లల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,300 మందిలో ఒకరికి ఉందని వైద్య గ్రంథాల్లో నమోదైంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న చోట ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి మేనరికపు పెళ్ళి జరిగిన ఇంట్లో నీరు కారే కన్నును ఒకసారి కంటి డాక్టర్‌కి చూపించకుండా "నాళం మూసుకుపోయిందిలే" అనుకోకండి. గ్లాకోమాకు చికిత్స ఎక్కువగా ఆపరేషనే, అది ఎంత తొందరగా జరిగితే చూపు అంత మిగులుతుంది.

ఒక పాప సంగతి

ఇప్పుడు ఒక పాపను ఊహించుకుందాం. నెలలు నిండి పుట్టింది, బరువు 3 కిలోలు. మూడో వారంలో ఎడమ కన్ను పుసి కట్టింది. తెల్లగుడ్డు తెల్లగా ఉంది, వెలుతురులో కళ్ళు తెరుస్తోంది, పాలు బాగా తాగుతోంది, జ్వరం లేదు. పిల్లల డాక్టర్ చూసి నాళం అడ్డే అని చెప్పారు. ఇక ఇంటి పని.

తుడవడం ముందు. గిన్నెలో నీళ్ళు కాచి మూత పెట్టి చల్లార్చుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ దూది చిన్న ముక్క ముంచి, పిండి, ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకి ఒకేసారి తుడవండి. ఆ ముక్క పారేయండి, ఇంకోసారి తుడవాలంటే కొత్తది తీసుకోండి. పుసి ఎండి గట్టిగా ఉంటే లాగకండి. తడి దూది రెప్ప మీద అర నిమిషం ఉంచితే నాని వచ్చేస్తుంది. రెండు కళ్ళలోనూ పుసి ఉంటే దేని దూది దానికే.

తర్వాత మర్దనా. ఇది చాలా ఇళ్ళలో రోజూ జరుగుతుంది కానీ చాలా ఇళ్ళలో తప్పు చోట జరుగుతుంది. ముక్కు పక్కన బుగ్గ మీద నూనె రాసి నిమురుతుంటారు. నీళ్ళుపోసే ఆవిడ ముక్కు నిలబెట్టడానికి దూలం మీద లాగినప్పుడే "కంటికి కూడా చేశానమ్మా" అంటుంది. దానివల్ల ఉపయోగం లేదు. ఉపయోగపడే మర్దనా 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు వివరించింది. డాక్టర్లు నేటికీ దాన్ని ఆయన పేరుతోనే చెబుతారు. దాని ఉద్దేశం చర్మం నిమరడం కాదు, సంచిలో ఉన్న నీటిని కిందికి తోయడం. పిచికారీ గొట్టాన్ని నొక్కితే నీరు చివరకు తోసుకొచ్చినట్టు, పైన దారి మూసి సంచిని నొక్కితే ఒత్తిడి అంతా నాళం కింది చివర ఉన్న పొర మీద పడుతుంది. అలా రోజుకి కొన్నిసార్లు పడితే పొర విడిపోయే అవకాశం పెరుగుతుంది.

చేసేటప్పుడు చూపుడు వేలో చిటికెన వేలో, ఏది సులువైతే అది వాడండి. గోరు పూర్తిగా కత్తిరించి ఉండాలి. పాపను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల అటూ ఇటూ కదలకుండా ఇంకొకరు పట్టుకుంటే మంచిది. పాలు తాగాక నిద్రమత్తులో ఉన్న సమయం అనువు. వేలి కొనను కంటికీ ముక్కుకీ మధ్య మూలలో పెట్టండి. వేలి కింద ఎముక అంచు గట్టిగా తగులుతుంది. ఆ అంచుకి లోపలి వైపు, కొంచెం మెత్తగా ఉన్న చోటే కన్నీటి సంచి. వేలు కనుగుడ్డు మీదికి పోకూడదు, బుగ్గ మీదికి జారకూడదు. అక్కడ పెట్టి ఎముక వైపుగా లోపలికి నొక్కండి, నొక్కు వదలకుండా ముక్కు వెంబడి కిందికి ఒక సెంటీమీటరు మేర జరపండి. అది ఒకసారి. వేలెత్తి మళ్ళీ మొదటి చోట పెట్టి చేయండి. ఒక్కో విడత 5 నుంచి 10 సార్లు, రోజుకి 3 లేదా 4 విడతలు. మీ డాక్టర్ వేరే లెక్క చెబితే అదే పాటించండి.

ఎంత గట్టిగా నొక్కాలి అనేది అందరూ తడబడే చోటు. మీ సొంత వేలు చూసుకోండి. గోరు కొన దగ్గర గులాబీ రంగు తెల్లబడితే సరిపోయింది. గోరు రంగు మారకపోతే అది నిమరడమే. పాప ఏడవచ్చు, అంత మాత్రాన ఆపాల్సిన పని లేదు. సరైన చోట పడిందని ఇంకో గుర్తు ఉంది. మొదటిసారి నొక్కినప్పుడు కంటి మూల రంధ్రం నుంచి తెల్లటి జిగురు బయటికి రావచ్చు. దాన్ని చూసి భయపడకండి, సంచి మీద వేలు పడిందన్న మాట. దూదితో తుడిచి మిగతా విడత కొనసాగించండి. మొదటిసారి డాక్టర్ చేత చేయించుకుని, తర్వాత మీరు చేస్తుండగా ఆయన్ని చూడమనండి. ఈ చూపించుకోవడం మందుల చీటీ కంటే ముఖ్యం.

చుక్కల మందు అడ్డును తెరవదు. పుసి ఎక్కువై చిక్కగా పచ్చగా వస్తున్నప్పుడు డాక్టర్ కొద్ది రోజులకి యాంటీబయాటిక్ రాస్తారు, అది పుసి తగ్గిస్తుంది. ఆపగానే మళ్ళీ వచ్చిందంటే మందు పని చేయలేదని కాదు, అడ్డు ఇంకా ఉందని. చుక్కలు వేసేది మర్దనా, తుడవడం అయ్యాక. తెరిచిన సీసాను నెల దాటాక వాడకండి. సొంతంగా కొనడం మానండి. షాపుల్లో ఇచ్చే కొన్ని సీసాల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది పిల్లల కళ్ళలో ఒత్తిడి పెంచగలదు.

అమ్మమ్మ మాట సంగతి కూడా చెప్పుకోవాలి, ఆవిడ ప్రేమతోనే అన్నది కనుక. చనుబాలు ఆ పొరను తెరవవు. చనుమొన మీదా చేతి మీదా ఉన్న క్రిములు వాటితోపాటే కంట్లోకి వెళ్తాయి. ఆముదం, కొబ్బరినూనె కూడా అంతే. కాటుక అయితే పుసికి మసి తోడవుతుంది, కొన్ని షాపు కాటుకల్లో సీసం ఉంటుంది. దిష్టి కోసం పెట్టక తప్పదంటే, ఇంట్లో చేసింది అరికాలిలో పెట్టండి, కంటికి వద్దు. ఎండిన పుసిని నోటితో ఊదడం కూడా మానాలి.

ఇక మన పాప. మర్దనా మొదలుపెట్టిన పది రోజులకి పుసి తగ్గింది కానీ చెమ్మ తగ్గలేదు. నాలుగో నెలలో జలుబు చేసినప్పుడు కన్ను మళ్ళీ అతుక్కుపోయింది. జలుబుకి ముక్కు లోపలి పొర ఉబ్బి, ఇరుకు నాళం మరీ ఇరుకవడం వల్ల అలా అవుతుంది. వెనక్కి పోయామని తల్లి బెంగపడింది కానీ మర్దనా ఆపలేదు. ఆరో నెల చివర ఒకరోజు చెమ్మ లేదు, మర్నాడూ లేదు. ఏడో నెలలో జలుబు వచ్చినా కన్ను తడవలేదు. నాళం తెరుచుకున్నట్టు గుర్తు అదే. అప్పుడు మర్దనా మానేయవచ్చు.

ఆ నెలల్లో ఎప్పుడైనా కంటి మూల కింద ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ఏడిచేంత నొప్పిగా వాచి, జ్వరం వస్తే మర్దనా ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. సంచికి ఇన్‌ఫెక్షన్ సోకింది. దాన్ని నొక్కితే ప్రమాదం.

ఏడాది వచ్చినా తగ్గకపోతే

ఏడాది దగ్గరపడినా నీరు కారుతూనే ఉంటే పిల్లల కంటి నిపుణుల దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళు చేసే మొదటి పరీక్షలో సూది ఉండదు. కంట్లో పసుపు రంగు ద్రవం ఒక చుక్క వేసి 5 నిమిషాల తర్వాత నీలి వెలుతురులో చూస్తారు. రంగు దిగిపోతే దారి ఉంది, కంట్లోనే నిలిచి ఉంటే దారి లేదు. లేదని తేలితే చేసేది ప్రోబింగ్. పాపకు మత్తు ఇచ్చి, రెప్ప రంధ్రం గుండా సన్నటి లోహపు కడ్డీని సంచిలోకి, అక్కడి నుంచి నాళం కిందికి దించి పొరను తెరుస్తారు. నాళం గుండా సెలైన్ పంపి అది ముక్కులోకి దిగిందో లేదో చూసుకుంటారు. కోత ఉండదు, ఎక్కువమంది పిల్లలు అదే రోజు ఇంటికొస్తారు.

తల్లిదండ్రులు జాగ్రత్తపడాల్సింది ఖాళీ కడుపు విషయంలో. మత్తుకి ముందు తల్లిపాలు 4 గంటలు, పోతపాలు, గేదెపాలు, అన్నం 6 గంటలు ఆపాలని మామూలుగా చెబుతారు. ఆసుపత్రి చెప్పిన సమయం అణువంత కూడా జరపకండి. ఏడుస్తోందని అమ్మమ్మ ఒక స్పూను పాలు పట్టినా ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, దాచకండి. ఇంటికొచ్చాక ముక్కు నుంచి కొంచెం రక్తం కలిసిన చీమిడి ఒక రోజు రావచ్చు. ఏడాది వయసులో చేసిన మొదటి ప్రోబింగ్ పదిలో తొమ్మిదింటి దాకా ఫలిస్తుంది. ఫలించని వాళ్ళకి మళ్ళీ చేయడమో, సన్నటి సిలికాన్ గొట్టం కొన్ని నెలలు ఉంచడమో చేస్తారు. రెండు మూడేళ్ళ దాకా వాయిదా వేస్తే మొదటిసారే నయమయ్యే అవకాశం తగ్గవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి.

నాళంతో పాటు కళ్ళద్దాల పరీక్ష కూడా చేస్తారా అని నిపుణులను అడగండి. నాళం అడ్డు ఉన్న పిల్లల్లో కొందరికి ఒక కంటికీ రెండో కంటికీ చూపు శక్తిలో తేడా ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఒక కన్ను మందగిస్తుంది.

మెల్ల అనిపించినప్పుడు

పుసి తుడుస్తూ పాప కళ్ళను అంత దగ్గరగా రోజూ చూస్తుంటాం కనుక, ఇంకో అనుమానం పుడుతుంది. "ఇటు చూడు, నల్లగుడ్డు ముక్కు వైపు పోతోంది, మెల్ల కదూ?" మన పాపకి నాలుగో నెలలో ఇదే అనుమానం వచ్చింది.

మొదటి మూడు నెలల్లో రెండు కళ్ళూ కలిసి చూడడం ఇంకా నేర్చుకుంటుంటాయి, అప్పుడప్పుడు ఒకటి పక్కకి పోయి వెనక్కి రావడం మామూలే. నాలుగో నెల దాటాక కూడా పోతుంటే చూపించాలి. ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి నిలిచిపోయిన కన్ను ఉంటే నెలలు లెక్కపెట్టకుండా ఏ వయసులోనైనా చూపించాలి.

పసిపిల్లల్లో మెల్ల అనిపించేవాటిలో చాలా భాగం మెల్ల కాదు. ముక్కు దూలం ఇంకా చదునుగా ఉండి, రెండు పక్కలా చర్మపు మడత కంటి మూలను కప్పేస్తుంది. ముక్కు వైపు తెల్లగుడ్డు కనబడకపోవడంతో నల్లగుడ్డు లోపలికి పోయినట్టు తోస్తుంది. దీన్ని తేల్చుకోవడానికి ఇంట్లో ఒక చిన్న టార్చ్ చాలు. గదిలో లైటు తగ్గించండి. తల్లి ఒళ్ళో పాపను నిటారుగా కూర్చోబెట్టి, అర మీటరు దూరంలో మీరు ఎదురుగా కూర్చోండి. మీ ముక్కు దగ్గర టార్చ్ పట్టుకుని క్షణంసేపు వేయండి, పాప దాన్ని చూస్తుంది. రెండు నల్లగుడ్ల మీదా తెల్లటి వెలుగు చుక్క ఒకటొకటి మెరుస్తుంది. రెండు చుక్కలూ కంటిపాప నడుమ ఒకేలా ఉంటే కళ్ళు తిన్నగా ఉన్నట్టే. ఒక కంట్లో చుక్క నడుమ ఉండి, రెండో కంట్లో చెవి వైపుకి జరిగి ఉంటే ఆ కన్ను లోపలికి తిరిగి ఉంది. మన పాపకి రెండూ నడుమనే ఉన్నాయి. మెల్ల అనిపించింది ముక్కు దూలం వల్ల. అయినా అనుమానం తీరకపోతే డాక్టర్‌కి చూపించండి, కొన్ని మెల్లలు అప్పుడప్పుడే బయటపడతాయి.

ఇంకో చిన్న పరీక్ష. పాప బొమ్మను చూస్తుండగా ఒక కన్నును అరచేత్తో మూయండి. తర్వాత రెండోది మూయండి. రెండుసార్లూ ఒకేలా ఉంటే మంచిది. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూసినప్పుడల్లా చేయి తోసేసి ఏడుస్తుంటే, మూసిన ఆ కన్నుతోనే పాప చూస్తోంది, తెరిచి ఉన్నది సరిగా చూడడం లేదు. ఇది వెంటనే చూపించాల్సిన సంగతి.

"మెల్లకన్ను అదృష్టం" అనీ, "పెద్దయ్యాక సర్దుకుంటుంది" అనీ అనుకుంటూ ఆగిపోకండి. తిరిగిన కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు వాడడం మానేస్తుంది, ఆ కన్ను చూపు అలా మందగిస్తుంది. దీన్ని మళ్ళీ రాబట్టడం చిన్న వయసులోనే బాగా సాధ్యమవుతుంది, కళ్ళద్దాలు, బాగున్న కంటికి కొంతసేపు పట్టీ, అవసరమైతే ఆపరేషన్. ఏడాది పిల్లకైనా కళ్ళద్దాలు పెట్టవచ్చు.

రెండు సంగతులు మాత్రం ఏ వయసులోనూ ఆగనివ్వవు. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా కాక తెల్లగా మెరిస్తే, ఆ వారంలోనే చూపించాలి. శుక్లం కావచ్చు, కంటి లోపలి కాన్సర్ కూడా కావచ్చు. రెండోది నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి. 34 వారాలకి ముందు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా, పుసి ఉన్నా లేకపోయినా 30 రోజులలోపు రెటీనా పరీక్ష జరగాలి. ఇంకా నెలలు తక్కువగా పుట్టినవాళ్ళకి ఇంకా ముందే. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే ఈ తేదీ అడిగి రాయించుకోండి.

హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ ఉన్నాయి. ఎల్.వి. ప్రసాద్‌కి విశాఖపట్నం, విజయవాడల్లో కూడా ఆసుపత్రులున్నాయి. వెళ్ళేటప్పుడు పుట్టిన ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, ఇప్పటిదాకా వాడిన చుక్కల సీసాలు, పొద్దున నిద్రలేచిన వెంటనే కన్ను ఎలా ఉందో తీసిన ఫొటో, మెల్ల అనుమానమైతే వేర్వేరు రోజుల్లో తీసిన రెండు మూడు ఫొటోలు తీసుకెళ్ళండి. వెళ్ళే ముందు కన్నును బాగా తుడిచేసి తీసుకెళ్తే డాక్టర్‌కి పుసి కనిపించదు, ఆ రోజు మాత్రం తుడవకుండా అలాగే వెళ్ళండి.